ఫ్రెంచ్‌లో లియేజోన్: ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు, ఎక్కడ మన ఇష్టం

ఫ్రెంచ్‌లో ‘వాళ్ల దగ్గర ఉంది’ అనడానికీ ‘వాళ్లు ఉన్నారు’ అనడానికీ మధ్య చెవికి అందే తేడా ఒకే ఒక్క హల్లు.

```
ils‿ont     ఇల్-జోఁ    వాళ్ల దగ్గర ఉంది
ils sont    ఇల్-సోఁ    వాళ్లు ఉన్నారు
```

మొదటి వాక్యంలో వినిపించే జ-ధ్వని ‘ఇల్’ అనే సర్వనామం చివర రాతలో కనిపించే ‘ఎస్’ అక్షరానిది. ఆ పదాన్ని విడిగా పలికినప్పుడు ఆ అక్షరానికి ఉచ్చారణ లేదు. తరవాతి పదం అచ్చుతో మొదలైతేనే అది పలుకుతుంది, పలికినప్పుడు కూడా తన పదాన్ని వదిలి తరవాతి పదానికి మొదటి హల్లుగా చేరుతుంది. దీన్నే ఫ్రెంచ్‌లో లియేజోన్ అంటారు. నేర్చుకునేవారు సాధారణంగా రెండు రకాలుగా పొరబడతారు. కొందరు ప్రతి పదాన్నీ విడివిడిగా పలికి కలపవలసిన చోట ఆగిపోతారు. మరికొందరు నియమం తెలిసిన ఉత్సాహంలో అచ్చు కనబడిన ప్రతిచోటా కలిపేస్తారు. ఈ రెండింటిలో వినేవారిని ఎక్కువ తికమకపెట్టేది రెండోదే, ఎందుకంటే కలపకూడని చోట కలిపితే వారికి అక్కడ లేని పదం వినిపిస్తుంది.

ఈ వ్యాసంలో ఫ్రెంచ్ ఉదాహరణల పక్కన ఉచ్చారణను తెలుగు లిపిలో ఇచ్చాను. అరసున్న ఉన్న అచ్చును ముక్కుతో పలకాలి, దాని తరవాత ‘న్’ గానీ ‘మ్’ గానీ వినబడకూడదు. ఉదాహరణల్లో వంపు గీత కలపాలనీ, నిలువు గీత కలపకూడదనీ సూచిస్తాయి. ఫ్రెంచ్ అచ్చులన్నింటికీ తెలుగులో సరైన అక్షరాలు లేవు కనుక ఈ రాత దగ్గరి పోలిక మాత్రమే.

మొదటి మెట్టు: కలిసే హల్లును సరిగా పలకడం

రాతలో ఉన్న అక్షరానికీ లియేజోన్‌లో వినిపించే ధ్వనికీ ఎప్పుడూ పొంతన ఉండదు. ‘ఎస్’, ‘ఎక్స్’, ‘జెడ్’ మూడూ ఒకే జ-ధ్వనిగా పలుకుతాయి. ‘టి’, ‘డి’ రెండూ త-కారంగా పలుకుతాయి, కనుక ‘గొప్ప మనిషి’ అనే మాటలో రాత ‘డి’ అయినా వినబడేది త-కారమే. ‘ఎన్’ న-కారంగానూ, ‘ఆర్’ ర-కారంగానూ, అరుదుగా వచ్చే ‘పి’ ప-కారంగానూ వినిపిస్తాయి.

```
deux‿amis         దొ-జా-మి          ఇద్దరు స్నేహితులు
grand‿homme       గ్రాఁ-తొమ్          గొప్ప మనిషి
premier‿amour     ప్ర-మియె-రా-మూర్    తొలి ప్రేమ
```

తెలుగువారికి ఇందులో అన్నింటికంటే కష్టమైనది జ-ధ్వని. మన ‘జలం’లోని జ గానీ ‘జల్లెడ’లోని దంత్య జ గానీ ఇది కాదు. ఆ రెండింటినీ పలికేటప్పుడు నాలుక మొదట పైభాగాన్ని తాకి గాలిని ఒక్క క్షణం ఆపుతుంది. ఫ్రెంచ్ ధ్వనిలో ఆ ఆపడం లేదు. దీన్ని సాధించడానికి ‘స్స్స్’ అని ఆగకుండా పలుకుతూ, నాలుకను కదపకుండా, కంఠాన్ని మోగించాలి. గొంతు మీద వేలు పెట్టి చూస్తే స్‌లో కదలిక లేకపోవడమూ, అది జ-ధ్వనిగా మారగానే కంపనం మొదలవడమూ తెలుస్తాయి. కంపనం రాకపోతే ‘వాళ్ల దగ్గర ఉంది’ అని మీరు చెప్పిన మాట ‘వాళ్లు ఉన్నారు’ అని వినిపిస్తుంది. నాలుక ఆగితే అర్థం మారదు గానీ యాస గట్టిగా తెలుస్తుంది. కనుక ముందు కంపనాన్ని సాధించి, ఆ తరవాత నాలుక సంగతి చూసుకోవడం మంచిది. త-కారం విషయంలో మాత్రం మనకు అనుకూలతే ఉంది. ఫ్రెంచ్ త దంత్యం, ఒత్తు లేనిది, కాబట్టి తెలుగు త సరిగ్గా సరిపోతుంది. ఇంగ్లీషు అలవాటుతో ట-కారం పలకకుండా చూసుకుంటే చాలు.

న-కారం దగ్గర ఒక సూక్ష్మం ఉంది. ‘మోఁ’ (నా), ‘ఏఁ’ (ఒక), ‘ఓఁ’ (మనం), ‘ఆఁ’ (లో) వంటి పదాల్లో ముక్కు అచ్చు అలాగే నిలిచి, దాని తరవాత న-కారం అదనంగా వస్తుంది. ‘బోఁ’ (మంచి) వంటి విశేషణాల్లో మాత్రం న-కారం రాగానే అచ్చు ముక్కును వదిలేస్తుంది, అంటే స్త్రీలింగ రూపంలో పలికినట్టే పలుకుతుంది.

```
mon‿ami    మోఁ-నా-మి    నా స్నేహితుడు
bon‿ami    బొ-నా-మి     మంచి స్నేహితుడు
```

ఏ హల్లయినా తరవాతి అచ్చుతో కలిసి ఒకే అక్షరంగా రావాలి. ‘స్నేహితులు’ అనే ‘లే-జా-మి’ని ‘లేజ్… ఆమి’ అని మధ్యలో ఆపి పలికితే లియేజోన్ చేసినట్టు కాదు. హల్లును ముందు పదం చివర పలికి, ఆగి, ఆ తరవాత అచ్చు అందుకునే తీరు ఫ్రాన్స్ రాజకీయ నాయకుల ప్రసంగాల్లో వినిపిస్తుంది, భాషాశాస్త్రవేత్త పియేర్ ఆఁక్రెవే దాన్ని ప్రత్యేకంగా పరిశీలించాడు కూడా. అది వేదిక మీది శైలి, నేర్చుకునేవారు దాన్ని అనుకరించనక్కరలేదు.

ఇక్కడే మరొక దానిని వేరు చేసి చూడాలి. ‘అవెక్’ (తో) వంటి పదాల చివరి హల్లు ఎప్పుడూ పలికేదే. అది తరవాతి అచ్చుతో కలిసి ‘అవెకెల్’ (ఆమెతో) అయినప్పుడు కొత్త ధ్వని ఏదీ పుట్టలేదు, ఉన్నదే తరవాతి అచ్చు పక్కకు జరిగింది. దీన్ని ఆఁషెన్‌మాఁ అంటారు. ఇది ఒకే శ్వాసలో పలికే పదాల మధ్య ఎక్కడైనా జరుగుతుంది, దీనికి నిషేధాల పట్టిక లేదు. ఈ వ్యాసంలోని నియమాలన్నీ మామూలుగా పలకని హల్లుకు సంబంధించినవి మాత్రమే.

రెండో మెట్టు: తప్పనిసరి చోట్లను గుర్తించడం

నిత్యం, నిషేధం, వైకల్పికం అనే విభజన తెలుగు వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు. ఉత్తునకు అచ్చు పరమైతే సంధి నిత్యమనీ, ఏమ్యాదుల ఇత్తునకు వైకల్పికమనీ మనం బళ్లోనే చదువుకున్నాం. టుగాగమం మరింత దగ్గరి పోలిక. ‘నిలువు’, ‘అద్దం’ కలిసి ‘నిలువుటద్దం’ కావడానికి వాటి మధ్య విశేషణ విశేష్య సంబంధం ఉండాలి, ఉత్తు, అచ్చు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఆ ట-కారం రాదు. లియేజోన్ కూడా పదాల మధ్య సంబంధాన్ని చూస్తుంది. రెండు పదాలు ఎంత విడదీయరానివైతే కలయిక అంత తప్పనిసరి.

ఫ్రెంచ్‌లో ఈ మూడు గుంపుల పట్టికను 1947లో ధ్వనిశాస్త్రవేత్త పియేర్ దెలాత్ర్ విస్తారంగా రూపొందించాడు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే జాబితాలకు చాలావరకు అదే మూలం. దాన్ని బట్టి కలయిక తప్పనిసరి అయిన చోట్లు ప్రధానంగా నాలుగు. మొదటిది, నామవాచకం ముందు వచ్చే ‘ఆ’, ‘కొన్ని’, ‘నా’, ‘ఒక’ వంటి నిర్దేశక పదాలూ సంఖ్యలూ. రెండోది, క్రియకు అంటిపెట్టుకునే సర్వనామాలు, అవి క్రియకు ముందున్నా వెనకున్నా సరే. మూడోది, నామవాచకానికి ముందు వచ్చే విశేషణం. నాలుగోది, ‘దాఁ’ (లోపల), ‘షే’ (ఇంట్లో), ‘సాఁ’ (లేకుండా) వంటి ఏకాక్షర విభక్తి పదాలూ, ‘చాలా’ అనే అర్థంలోని ‘త్రే’.

```
les‿enfants      లే-జాఁ-ఫాఁ        పిల్లలు
nous‿avons       నూ-జా-వోఁ        మా దగ్గర ఉంది
vient-il ?       వియేఁ-తిల్         అతను వస్తున్నాడా?
petit‿hôtel      ప-తి-తొ-తెల్       చిన్న హోటల్
chez‿elle        షే-జెల్           ఆమె ఇంట్లో
très‿utile       త్రే-జ్యు-తిల్        చాలా ఉపయోగం
```

వీటితో పాటు రాయిలా గట్టిపడిపోయిన కొన్ని పదబంధాలు ఉన్నాయి. ‘అప్పుడప్పుడు’ అనే అర్థమిచ్చే ‘ద తాఁ-జాఁ-తాఁ’, ‘పూర్తిగా’ అనే ‘తూ-తా-ఫే’, ‘ఎలా ఉన్నారు’ అని అడిగే ‘కొమాఁ-తాలే-వూ’ అలాంటివి. వాటిని నియమంతో కాక ఒకే పదంగా కంఠస్థం చేయాలి.

ఈ నాలుగూ పుస్తకంలో సమానంగా కనిపిస్తాయి గానీ, మాటల్లో సమానం కావు. 1990ల చివర మొదలై, ఫ్రెంచ్ మాట్లాడే అనేక ప్రాంతాల వారి సంభాషణలను రికార్డు చేసిన ‘సమకాలీన ఫ్రెంచ్ ధ్వనిశాస్త్రం’ అనే పరిశోధన ప్రాజెక్టు ఈ సంగతిని బాగా తేటతెల్లం చేసింది. నిర్దేశకం, నామం మధ్యా, సర్వనామం, క్రియ మధ్యా, గట్టిపడిన పదబంధాల్లోనూ ఫ్రెంచ్‌వారు దాదాపు తప్పకుండా కలుపుతారు. ‘దాఁ’, ‘షే’, ‘త్రే’ వంటి వాటి తరవాతా, విశేషణం తరవాతా కలపడమే ఎక్కువైనా, వేగంగా మాట్లాడేటప్పుడు వదిలేసేవారూ కనిపిస్తారు. అయినా నేర్చుకునేవారు ఈ నాలుగింటినీ తప్పనిసరిగానే పాటించాలని నా అభిప్రాయం. కలిపితే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు, కలపకపోతే కొందరి చెవికి లోటుగా తోస్తుంది.

సంఖ్యల విషయంలో మరికాస్త జాగ్రత్త అవసరం, ముఖ్యంగా డబ్బు లెక్కల్లో. ‘యూరో’ అచ్చుతో మొదలవుతుంది కనుక ముందున్న సంఖ్యలోని చివరి అక్షరం పలుకుతుంది. ఆ అక్షరం ఏదన్నదే చూడవలసిన విషయం.

```
vingt‿euros          వేఁ-తొ-రో          20 యూరోలు
cent‿euros           సాఁ-తొ-రో          100 యూరోలు
deux cents‿euros     దొ-సాఁ-జొ-రో       200 యూరోలు
mille euros          మి-లొ-రో           1000 యూరోలు
```

నూరుకు చివర ‘టి’ ఉంది కనుక త-కారం వస్తుంది. రెండు వందల్లో నూరు బహువచనమై ‘ఎస్’ చేరింది కనుక జ-ధ్వని వస్తుంది. వెయ్యికి బహువచన గుర్తు ఎన్నడూ చేరదు, దాని చివరి ల-కారం ఎలాగూ పలికేదే, కాబట్టి అక్కడ జ-ధ్వని తేకూడదు. బహువచనం అనగానే జ-ధ్వని తగిలించే అలవాటు పడినవారు నూరు యూరోలనూ వెయ్యి యూరోలనూ జ-తో పలికేస్తారు. ఈ పొరపాటు ఫ్రాన్స్‌లో పుట్టిపెరిగినవారి నోటా వినిపిస్తుంది, అక్కడా దాన్ని తప్పుగానే ఎంచుతారు.

మూడో మెట్టు: నిషిద్ధ చోట్ల అడ్డుగీత పెట్టడం

నిషేధాల్లో మొట్టమొదట నేర్చుకోవలసినది ‘ఎ’ అనే సముచ్చయం, అంటే మన ‘మరియు’. దాని చివర ‘టి’ ఉన్నా అది ఏ పరిస్థితిలోనూ పలకదు. రెండోది ఏకవచన నామవాచకం. దాని తరవాత విశేషణం వచ్చినా, క్రియ వచ్చినా కలపకూడదు. వ్యక్తుల, ఊళ్ల పేర్ల తరవాత కూడా అంతే. మూడోది, ప్రశ్నలో క్రియ వెనక్కి వెళ్లిన సర్వనామం. క్రియకూ ఆ సర్వనామానికీ మధ్య కలయిక తప్పనిసరి, ఆ సర్వనామానికీ తరవాతి పదానికీ మధ్య నిషిద్ధం.

```
lui et | elle            అతనూ ఆమే
un étudiant | arrive     ఒక విద్యార్థి వస్తున్నాడు
Paris | est grand        పారిస్ పెద్దది
sont-ils | arrivés ?     వాళ్లు వచ్చారా?
```

‘ఎప్పుడు’ అని అడిగే ‘కాఁ’ తరవాత కూడా మామూలుగా కలపరు. అయితే అదే పదం ‘అతను వచ్చినప్పుడు’ అన్నట్టు వాక్యాలను జోడిస్తే త-కారం పలుకుతుంది, ‘కాఁ-తెస్-క’ అనే ప్రశ్నరూపంలోనూ పలుకుతుంది. ఒకే పదం పని మారగానే ప్రవర్తన మారడం ఇక్కడ చూడవచ్చు.

నిషేధాల్లో ఎక్కువ ఓపిక కోరేది ‘హెచ్’ అక్షరం. ఫ్రెంచ్‌లో ఆ అక్షరాన్ని ఎక్కడా పలకరు. కానీ కొన్ని పదాల్లో అది లేనట్టే ఉండి కలయికను అనుమతిస్తుంది, మరికొన్నింటిలో కనిపించని గోడలా అడ్డుపడుతుంది. ఆ రెండో రకాన్ని సంప్రదాయంగా ‘ఉచ్ఛ్వసిత హెచ్’ అని పిలిచినా, అక్కడ హ-కారం ఏదీ వినబడదు. పదాన్ని చూసి ఏ రకమో చెప్పలేం, నిఘంటువు చూడాలి. ఫ్రెంచ్ నిఘంటువుల్లో ఇలాంటి పదాల ముందు నక్షత్రపు గుర్తో, ఉచ్చారణలో అపోస్ట్రఫీ గుర్తో పెడతారు. నిఘంటువు అందుబాటులో లేనప్పుడు, ఆ పదాన్ని మీరు ఏకవచనంలో చదివిన వాక్యం గుర్తు తెచ్చుకోండి. ముందున్న ‘ల’ లేదా ‘లా’ అచ్చును పోగొట్టుకుని అపోస్ట్రఫీతో అతుక్కుని ఉంటే కలపవచ్చు, చెక్కుచెదరకుండా ఉంటే కలపకూడదు.

```
l'hôtel      les‿hôtels       లే-జొ-తెల్
le héros     les | héros      లే ఎ-రో
le onze      les | onze       లే ఓఁజ్
```

కథానాయకుడి పదం దగ్గర నిషేధం లేకపోతే ఏమవుతుందో చూడండి. జ-ధ్వని చేర్చి ‘లే-జె-రో’ అంటే ‘సున్నాలు’ అని అర్థం వస్తుంది. విచిత్రమేమిటంటే కథానాయికను సూచించే పదానికి ఈ గోడ లేదు, అక్కడ ‘లే-జె-రొ-ఈన్’ అని కలపాలి. చిక్కుడు గింజల పదానికి సంబంధించి ఒక వదంతి చాలాకాలంగా తిరుగుతోంది, అక్కడ కలపడాన్ని ఇప్పుడు ఒప్పుకుంటున్నారని. అది నిజం కాదని ఫ్రెంచ్ అకాడమీయే స్పష్టం చేసింది, ‘లే ఆ-రి-కో’ అనే పలకాలి. పదకొండును సూచించే ‘ఓఁజ్’, ‘అవును’ అనే ‘వుయి’, ‘యోగా’, ‘యోగర్ట్’ వంటి యకారంతో మొదలయ్యే పరభాషా పదాలు హెచ్ లేకుండానే ఇలా అడ్డుపడతాయి.

నిషిద్ధ స్థానంలో తెలుగువారి నోటికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి ఉంది. రెండు అచ్చులు పక్కపక్కన వస్తే మధ్యలో యడాగమం చేయడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, కనుక ‘లుయి ఎ ఎల్’ అనవలసినది ‘లుయియెయెల్’ అయిపోతుంది. కలయిక నిషిద్ధమంటే ఆ ఖాళీని మరో హల్లుతో పూడ్చాలని కాదు, అక్కడ ఆగాలనీ కాదు. గొంతు తెరిచే ఉంచి, ఒక అచ్చు నుంచి మరో అచ్చుకు ధ్వని తెగకుండా జారాలి. మొదట రెండు అచ్చులనూ రాగంలా సాగదీసి పలికి, క్రమంగా నిడివి తగ్గిస్తే ఈ పని అలవడుతుంది.

నాలుగో మెట్టు: ఐచ్ఛికమైన చోట సందర్భాన్ని బట్టి తేల్చుకోవడం

మిగిలినవన్నీ వైకల్పికాలు. ‘ఉండు’, ‘కలిగి ఉండు’ అనే సహాయ క్రియల తరవాత, ‘కాదు’ అనే ‘పా’ తరవాత, ‘కానీ’ అనే ‘మే’ తరవాత, ‘పాఁదాఁ’ (సమయంలో) వంటి రెండక్షరాల విభక్తి పదాల తరవాత, బహువచన నామానికీ దాని వెనక వచ్చే విశేషణానికీ మధ్యా కలపడం మాట్లాడేవారి ఇష్టం. ఇష్టమంటే యాదృచ్ఛికం కాదు. గంభీరమైన ఉపన్యాసంలో, కవిత్వ పఠనంలో, వార్తలు చదివేటప్పుడు ఎక్కువ కలుపుతారు. మిత్రులతో మాట్లాడేటప్పుడు తక్కువ కలుపుతారు.

```
c'est‿un ami          సె-తేఁ-నా-మి     /  సె-ఏఁ-నా-మి
je ne suis pas‿allé   … పా-జా-లే       /  … పా-ఆ-లే
```

వైకల్పికాలన్నీ ఒకే బరువు గలవి కావు. మూడో పురుష ఏకవచనమైన ‘ఎ’ (ఉంది) అనే క్రియ తరవాత త-కారం మామూలు సంభాషణలోనూ తరచుగా వినిపిస్తుంది. బహువచన నామం తరవాత జ-ధ్వని అంతకంటే బాగా తక్కువ. ధాతురూపం చివరి ‘ఆర్’ను తరవాతి అచ్చుతో కలిపి పలకడం ఇవాళ దాదాపు రంగస్థలానికే పరిమితం. అందుచేత సంభాషణ నేర్చుకునేవారు ‘ఎ’ తరవాతా, ‘సోఁ’ (ఉన్నారు) తరవాతా కలపడం అలవాటు చేసుకుని, మిగిలిన వైకల్పికాలను వదిలేయడం భద్రమైన దారి. ఐచ్ఛికమైన చోట వదిలేసినందుకు ఎవరికీ అర్థం చెడదు.

అసలు ఇబ్బంది శైలులను కలగాపులగం చేయడంలో వస్తుంది. మాటల ఫ్రెంచ్‌లో నిషేధార్థకంలోని మొదటి భాగమైన ‘న’ను చాలామంది వదిలేస్తారు. ఆ ‘న’ను వదిలేసి, ‘పా’ తరవాత మాత్రం జ-ధ్వనిని నిండుగా పలికితే, వాక్యం సగం వాడుక భాషగా, సగం గ్రాంథికంగా వినిపిస్తుంది. కనుక ‘న’ ఉంచితే కలపవచ్చు, ‘న’ వదిలితే కలపడమూ వదలాలి అన్న సూత్రాన్ని మనసులో పెట్టుకుంటే చాలా పొరపాట్లు తప్పుతాయి.

అయిదో మెట్టు: ఒక పాఠాన్ని గుర్తులు పెట్టి చదవడం

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక చిన్న పాఠం మీద ప్రయోగించి చూద్దాం. ‘పూర్వ విద్యార్థులు రెండు గంటలు ఎదురుచూశారు. తరవాత వాళ్లకు వీధి ఎగువన ఒక చిన్న హోటల్ దొరికింది, దయగల ఒక ఉద్యోగి వాళ్లకు సాయం చేశాడు’ అని దీని భావం.

```
Les anciens étudiants ont attendu deux heures.
Ils ont ensuite trouvé un petit hôtel en haut de la rue,
et un employé aimable les a aidés.
```

పెన్సిల్ తీసుకుని మొదట శ్వాస విరామాలు గుర్తించాలి, ఎందుకంటే ఆగిన చోట కలయిక ప్రశ్నే రాదు. మొదటి వాక్యంలో ‘విద్యార్థులు’ తరవాత ఒక చిన్న విరామం వస్తుంది. రెండో వాక్యంలో ‘వీధి’ తరవాత కామా ఉంది. ఆ తరవాత, మిగిలిన భాగంలో రాతలో పలకని హల్లు, వెంటనే అచ్చు ఉన్న చోట్లను మాత్రమే చూడాలి.

మొదటి రెండు పదాల మధ్య నిర్దేశకం, విశేషణం ఉన్నాయి, తప్పనిసరి. ‘పూర్వ’ అనే విశేషణం నామానికి ముందుంది, అదీ తప్పనిసరి. ఆ విశేషణం ముక్కు అచ్చుతో ముగిసినా ఇక్కడ కలిసేది బహువచన జ-ధ్వని కనుక ముక్కు ధ్వని చెదరదు. ‘విద్యార్థులు’ కర్త, తరవాతది క్రియ. బహువచనమైనందున అత్యంత గంభీర శైలిలో కలిపేవారున్నా, మనం అడ్డుగీత పెట్టాలి. సహాయ క్రియకూ ‘ఎదురుచూసిన’ అనే రూపానికీ మధ్య ఐచ్ఛికం. ‘రెండు గంటలు’ తప్పనిసరి, ఆ ‘హెచ్’ అడ్డుపడని రకం.

రెండో వాక్యం సర్వనామంతో మొదలై క్రియతో కలుస్తుంది, ఇక్కడ కంఠం మోగించడం మరవకూడదు. ఆ క్రియకూ ‘తరవాత’ అనే అవ్యయానికీ మధ్య ఐచ్ఛికం. ‘చిన్న హోటల్’ తప్పనిసరి. ‘హోటల్’ చివరి ల-కారం ఎప్పుడూ పలికేదే కనుక అది తరవాతి ‘ఆఁ’తో సహజంగా కలుస్తుంది. ఆ ‘ఆఁ’ ఏకాక్షర విభక్తి పదమే అయినా, దాని తరవాత ‘ఎగువ’ అనే పదంలో గోడలాంటి హెచ్ ఉంది, కనుక నిషిద్ధం. చాలామంది తడబడేది ఇక్కడే. విభక్తి నియమం కలపమంటుంది, హెచ్ నియమం వద్దంటుంది, రెండూ తలపడినప్పుడు హెచ్‌దే పైచేయి. న-కారం చేర్చి ‘ఆఁ-నో’ అంటే వినేవారికి ‘ఎగువ’ అనే పదం దొరకదు.

కామా తరవాత ‘మరియు’, దాని వెనక ‘ఒక’, కనుక నిషిద్ధం. ‘ఒక ఉద్యోగి’ తప్పనిసరి. ‘ఉద్యోగి’ అచ్చుతోనే ముగుస్తుంది, కలపడానికి అక్కడ హల్లే లేదు. చివర కర్మ సర్వనామం క్రియకు ముందుంది, తప్పనిసరి. గుర్తులన్నీ పెట్టాక పాఠం ఇలా కనిపిస్తుంది, ఐచ్ఛికమైన త-కారాన్ని కుండలీకరణాల్లో ఉంచాను.

```
లే-జాఁ-సియేఁ-జె-త్యు-దియాఁ | ఓఁ-(త)ఆ-తాఁ-ద్యు దొ-జొర్
ఇల్-జోఁ-(త)ఆఁ-స్యుయిత్ త్రూ-వే ఏఁ ప-తి-తొ-తె-లాఁ | ఓ ద లా ర్యు
ఎ | ఏఁ-నాఁ-ప్ల్వా-యే ఎ-మాబ్ల్ లే-జా ఎ-దే
```

ఐచ్ఛికమైన రెండు చోట్లా ఒకే నిర్ణయం తీసుకోవాలి, ఒకచోట కలిపి మరోచోట వదలడం తప్పు కాకపోయినా శైలి నిలకడగా వినిపించదు. మొదట గుర్తులు చూస్తూ నెమ్మదిగా చదివి, ఆ తరవాత గుర్తులు లేని పాఠాన్ని చదివి రికార్డు చేసుకుని, గుర్తులున్న ప్రతితో పోల్చి వినడం మంచిది.

కలయిక వల్ల అర్థం ఎక్కడ తేటపడుతుంది, ఎక్కడ పడదు

ఫ్రెంచ్ నామవాచకాల బహువచన గుర్తు రాతలో ఉన్నా మామూలుగా వినబడదు. అచ్చుతో మొదలయ్యే పదాల ముందు లియేజోన్ ఆ లోటును చాలా చోట్ల తీరుస్తుంది. ‘వాళ్ల స్నేహితుడు’, ‘వాళ్ల స్నేహితులు’ అనే రెండు మాటలకూ, ‘అతను ప్రేమిస్తాడు’, ‘వాళ్లు ప్రేమిస్తారు’ అనే రెండు మాటలకూ మధ్య చెవికి ఆధారం ఆ ఒక్క జ-ధ్వనే. ‘మీ దగ్గర ఉంది’, ‘మీకు తెలుసు’ అనే మూడో జంటలో జ-ధ్వనికీ స-కారానికీ ఉన్న తేడాయే ఆధారం.

```
leur ami       లొ-రా-మి         leurs‿amis      లొర్-జా-మి
il aime        ఇ-లెమ్           ils‿aiment      ఇల్-జెమ్
vous‿avez      వూ-జా-వే         vous savez      వూ-సా-వే
```

పదాల వరస ఒకటే అయినా వ్యాకరణ సంబంధం మారిన సంగతిని కూడా లియేజోన్ చెప్పగలదు. ‘సావాఁ’ అంటే పండితుడు, విశేషణంగా పాండిత్యం గల అని అర్థం. ‘ఆవొగ్ల్’ అంటే గుడ్డివాడు, విశేషణంగా గుడ్డి అని అర్థం. ఈ రెండింటినీ కలపకుండా చెబితే మొదటిది నామం, రెండోది విశేషణం, అంటే గుడ్డి పండితుడు. త-కారంతో కలిపితే మొదటిది విశేషణం, రెండోది నామం, అంటే పండితుడైన గుడ్డివాడు. రాతలో ఈ రెండింటికీ ఏ భేదమూ లేదు.

```
un savant | aveugle     ఏఁ సా-వాఁ ఆ-వొగ్ల్
un savant‿aveugle       ఏఁ సా-వాఁ-తా-వొగ్ల్
```

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. సంఖ్యను తేటపరిచే ఈ కలయిక లింగ భేదాన్ని మాత్రం చెరిపేస్తుంది. ‘చిన్న’ అనే విశేషణం పుంలింగంలో త-కారం లేకుండా, స్త్రీలింగంలో త-కారంతో పలుకుతుంది. అచ్చు ముందు పుంలింగంలోనూ త-కారం రావడంతో, ప్రియుడు, ప్రియురాలు అనే రెండు మాటలూ ‘ప-తి-తా-మి’ అని ఒకేలా వినిపిస్తాయి. అక్కడ వాక్యంలోని మరో పదాన్ని చూసి గ్రహించాలి తప్ప ఉచ్చారణ ఎంత స్పష్టంగా ఉన్నా ఉపయోగం లేదు. వినేటప్పుడు ఎదురయ్యే మరో ఇబ్బంది పదాల సరిహద్దు చెరిగిపోవడం. ‘లే-జా-మి’ విన్నప్పుడు ‘జామి’ అనే పదం కోసం వెతకకుండా, ముందుగా ఆ జ-ధ్వనిని తీసేసి మిగిలినది తెలిసిన పదమేమో చూడాలి. త-కారం, న-కారంతో మొదలైనట్టు వినబడే తెలియని పదాలకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

మీ ఉచ్చారణ వినేవారికి అందుతున్నదో లేదో తేల్చుకోవడానికి పైన ఇచ్చిన జంటల్ని వాడవచ్చు. జంటలోని రెండు మాటలనూ వరస లేకుండా మార్చి మార్చి కొన్నిసార్లు పలికి, ఫ్రెంచ్ తెలిసిన మరొకరిని ప్రతిసారీ ఏది విన్నారో కాగితం మీద రాయమనాలి, మీరు పలికిన వరసను మీరూ రాసుకోవాలి. రెండు జాబితాలూ ‘ఇల్-జోఁ’ దగ్గర మాత్రమే తేడాపడి, అక్కడ ‘ఇల్-సోఁ’ అని రాసి ఉంటే, లోపం కంఠ కంపనంలో ఉందని అర్థం, మొదటి మెట్టుకు తిరిగి వెళ్లాలి. ‘లే ఎ-రో’ దగ్గర సున్నాలని రాసి ఉంటే, కలపకూడని చోట కలుపుతున్నారని అర్థం, మూడో మెట్టులోని నిఘంటువు పని మిగిలి ఉంది. రెండు వైపులా అటూ ఇటూ తప్పులు పడుతుంటే, చాలావరకు హల్లుకూ అచ్చుకూ మధ్య ఆగుతున్నట్టే లెక్క. అప్పుడు పదాలను కాక ‘లే-జా-మి’ వంటి అక్షరాల వరసను, లయ తప్పకుండా, ఒకే శ్వాసలో సాధన చేయాలి.